‘కలెక్ట్’ అభ్యర్థనకు పొరపాటున ఆమోదం
పోయిన సొమ్ము జాడ చెరగక ముందే ఫిర్యాదు

న్యూఢిల్లీ: సొమ్ము తమ ఖాతాలోకి వస్తుందని నమ్మి, ఫోన్ తెరపై కనిపించిన అభ్యర్థనకు రహస్య సంఖ్య నమోదు చేసి, తీరా చూస్తే ఖాతాలోని డబ్బే అపరిచితునికి చేరిపోయిందని గ్రహించే ఖాతాదారులకు తొలి గంట అత్యంత కీలకమైనది. ఆ గంటలో ఏ నంబరుకు ఫోన్ చేశారు, ఏ వివరాలు చెప్పారు అన్న దానిపైనే పోయిన సొమ్ములో కొంతైనా నిలుపుదల కావడం ఆధారపడి ఉంటుంది.

యూపీఐ విధానంలో చెల్లింపులు రెండు రకాలు. ఖాతాదారు తానే ఎదుటివారికి పంపడం ఒకటి. ఎదుటివారు సొమ్ము కోరుతూ అభ్యర్థన పంపగా ఖాతాదారు ఆమోదించడం రెండవది. ఈ రెండవదానికే ‘కలెక్ట్’ అని పేరు. పాల బాకీ, అద్దె బాకీ వంటివి గుర్తుచేసి వసూలు చేసుకోవడానికి ఉద్దేశించిన ఈ సదుపాయాన్ని మోసగాళ్లు తలకిందులు చేశారు. ‘మీకు డబ్బు పంపుతున్నాను, ఆమోదించండి’ అని నమ్మించి, నిజానికి డబ్బు అడిగే అభ్యర్థనను పంపడం వారి పద్ధతి.

ఈ దుర్వినియోగం కారణంగానే జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) వ్యక్తుల మధ్య కలెక్ట్ అభ్యర్థనలను 2025 అక్టోబర్ 1 నుంచి నిలిపివేసింది. అంతకుముందు ఒక్కో అభ్యర్థనకు రెండు వేల రూపాయల పరిమితి ఉండేది. అయితే ఆ ఆదేశం వ్యాపారుల అభ్యర్థనలకు వర్తించలేదు. నెలనెలా సొమ్ము మినహాయించుకునే ‘ఆటోపే’ అనుమతి కోరే అభ్యర్థనలూ అలాగే మిగిలాయి. మోసం పాతదైనా కొత్తదైనా, కలెక్ట్ అయినా ఆటోపే అయినా, ఫిర్యాదు మార్గం మాత్రం ఒక్కటే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 సెప్టెంబర్‌లో నాగపూర్‌లోని ఒక విశ్రాంత ఉద్యోగి పాత సోఫాను ఆరు వేల రూపాయలకు అమ్ముతానని ఇంటర్నెట్‌లో ప్రకటన ఇచ్చారనుకుందాం. సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీపై వస్తున్నానని చెప్పిన కొనుగోలుదారు బేరం ఆడకుండానే ఒప్పుకున్నాడు. (బేరం ఆడని కొనుగోలుదారును మన సంతల్లో ఎవరైనా చూశారా అన్నది వేరే సంగతి.) మొదట ఒక రూపాయి నిజంగానే పంపి నమ్మకం కలిగించాడు. తర్వాత మిగతా సొమ్ము మూడు వాయిదాల్లో వస్తుందని చెప్పి, రెండు వేల రూపాయల చొప్పున మూడు అభ్యర్థనలు పంపాడు. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు మొదటిది, రెండు నిమిషాల తర్వాత రెండవది ఆమోదం పొందాయి. మూడవదానికి ముందు బ్యాంకు సందేశం చదివిన ఉద్యోగికి నాలుగు వేలు ‘డెబిట్’ అయిందని అర్థమైంది.

ఇక్కడ ఆయన గమనించని విషయం ఒక్కటే. సొమ్ము రావడానికి రహస్య సంఖ్య అక్కరలేదు. మొదట వచ్చిన ఆ ఒక్క రూపాయికి ఆయనను ఎవరూ ఏ సంఖ్యా అడగలేదు. తెరపై ‘Pay’ అనే మీట కనిపించినా, ఫోన్‌లో అవతలి వ్యక్తి మాట్లాడుతూనే ఉండటంతో ఆయన దానిని చదవలేదు.

ఇప్పుడు ఆయన చేయవలసిన మొదటి పని ఫోన్ పెట్టివేసి, మిగిలిన అభ్యర్థనను ‘Decline’ మీటతో తిరస్కరించి, పంపిన వ్యక్తిని బ్లాక్ చేయడం. రహస్య సంఖ్యను స్వయంగా నమోదు చేశారే తప్ప ఎవరికీ చెప్పలేదు కనుక అది బయటపడినట్లు కాదు. కానీ మోసగాడు చెప్పగా ఫోన్‌లో తెరను దూరం నుంచి చూపే యాప్ ఏదైనా వేసుకొని ఉంటే, ముందు ఇంటర్నెట్‌ను ఆపి, దానిని తొలగించి, మరో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ సేవను నిలిపివేయించాలి.

రెండవ పని, వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయడం. కేంద్ర హోం శాఖ 2021లో నెలకొల్పిన ఆర్థిక సైబర్ నేరాల ఫిర్యాదు వ్యవస్థకు ఇది సహాయ నంబరు. మొదట్లో వేరే నంబరు ఉండగా తర్వాత 1930గా మారింది. ఫోన్ ఎత్తేది సంబంధిత రాష్ట్ర పోలీసు సిబ్బంది. వారు అడిగేవి ముఖ్యంగా ఇవి: ఖాతా ఉన్న బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య, సొమ్ము, సమయం, సొమ్ము చేరిన యూపీఐ ఐడీ, ఇంకా లావాదేవీకి చెందిన 12 అంకెల సంఖ్య. యాప్‌లో లావాదేవీ చరిత్రను తెరిస్తే ఈ సంఖ్య కనిపిస్తుంది. పై ఉదాహరణలో లావాదేవీలు రెండు కనుక రెండు సంఖ్యలనూ విడివిడిగా చెప్పాలి. ఒక్కటే చెబితే రెండు వేల జాడ మాత్రమే వెతుకుతారు.

ఈ వివరాలు నమోదు కాగానే సొమ్ము చేరిన బ్యాంకుకు సమాచారం వెళుతుంది. సొమ్ము ఇంకా ఆ ఖాతాలోనే ఉంటే బ్యాంకు దానిని నిలుపుదల చేస్తుంది. అప్పటికే మరో ఖాతాకు తరలిపోయి ఉంటే సమాచారం ఆ తర్వాతి బ్యాంకుకు పోతుంది. ఏటీఎం నుంచి నగదుగా తీసివేస్తే వెంబడించడానికి ఇక ఏమీ మిగలదు. తొలి గంటకు ఇంత ప్రాధాన్యం ఉన్నది ఇందుకే. ఫోన్ ఫిర్యాదు అయ్యాక గుర్తింపు సంఖ్య వస్తుంది. దానితో 24 గంటల్లోగా cybercrime.gov.in వెబ్‌సైట్‌లో పూర్తి ఫిర్యాదు దాఖలు చేయాలి. చాలామంది మరచిపోయేది ఈ అంచెనే.

మూడవది బ్యాంకుకు తెలియజేయడం. బ్యాంకు నంబరును ఇంటర్నెట్‌లో వెతకరాదు. అక్కడ మోసగాళ్లు పెట్టిన నంబర్లూ ఉంటాయి. ఏటీఎం కార్డు వెనుకో పాస్‌బుక్‌లోనో ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. యాప్‌లో కూడా ఆ లావాదేవీనే తెరిచి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆటోపేకు ఆమోదం ఇచ్చి ఉంటే యాప్‌లోని ఆ విభాగంలోకి వెళ్లి దానిని రద్దు చేయాలి. లేనిపక్షంలో వచ్చే నెల కూడా సొమ్ము పోతుంది.

బ్యాంకు నష్టపరిహారం ఇస్తుందా అన్నది చిక్కు ప్రశ్న. ఖాతాదారుకు తెలియకుండా జరిగిన లావాదేవీలను మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే బాధ్యత ఉండదని రిజర్వు బ్యాంకు 2017లో నిబంధన తెచ్చింది. కానీ రహస్య సంఖ్యను ఖాతాదారే నమోదు చేశారు కనుక ఇది ‘అనుమతి ఇచ్చిన’ చెల్లింపు అని బ్యాంకులు వాదిస్తాయి. ఖాతాదారు నిర్లక్ష్యం ఉన్నచోట, ఫిర్యాదు చేసే వరకు నష్టం ఖాతాదారుది, చేసిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది అన్నది అదే నిబంధనలోని మరో అంశం. 4 గంటల 20 నిమిషాలకే బ్యాంకుకు తెలియజేసినట్లు రుజువు ఉండటం ఇందుకే అవసరం.

మోసం కాక, నిజంగానే వేరొక వ్యక్తి అభ్యర్థనను తన దుకాణదారుదిగా పొరబడి ఆమోదించిన సందర్భం వేరు. అప్పుడు యాప్‌లోనూ బ్యాంకులోనూ ఫిర్యాదు చేయాలి. పూర్తయిన యూపీఐ చెల్లింపును బ్యాంకు తనంత తానుగా వెనక్కి తీసుకోలేదు. సొమ్ము అందుకున్నవారు అంగీకరిస్తేనే తిరిగి వస్తుంది. వారు నిరాకరిస్తే పోలీసులను ఆశ్రయించాలి.

నిలుపుదల అయిన సొమ్ము చేతికి అందడానికి కొన్ని సందర్భాల్లో న్యాయస్థానం ఉత్తర్వు కావలసి రావచ్చు. ఈలోగా ‘మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంత రుసుము చెల్లించండి’ అంటూ మరొకరు ఫోన్ చేయవచ్చు. 1930 సేవకు రుసుము లేదు. బ్యాంకుకు చేసిన ఫిర్యాదుపై 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా cms.rbi.org.in ద్వారా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా విన్నవించుకోవచ్చు.