సౌరఫలకాల నుంచి ఇన్వర్టర్ వరకు: కేబుల్ పరిమాణం, వోల్టేజి నష్టం – కూచిపూడి ఇంటి నమూనా పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇంటికప్పుమీది సౌరఫలకాలనుంచి ఇన్వర్టర్‌కు విద్యుత్తును చేర్చే కేబుల్ పరిమాణాన్ని ఏ ప్రాతిపదికపై నిర్ణయించాలో, నష్టం ఎక్కువైనప్పుడు దోషాన్ని ఎలా గుర్తించాలో కూచిపూడిలోని ఒక ఇంటి నమూనా ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సౌరవిద్యుత్తు, కేబుల్, నిరోధం, వోల్టేజి నష్టం, ఇన్వర్టర్, కూచిపూడి.

1. ఉపోద్ఘాతం:
కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడిలో వీధివైపు విద్యుత్ మీటరు, పెరటివైపు డాబా ఉన్న ఒక పొడవైన ఇంటిని ఊహించుకుందాం. నీడ పడని చోటు పెరటి డాబామీదే ఉంది. ఇన్వర్టర్‌ను మీటరు పక్కన పెడితే ఫలకాలనుంచి దానికి 35 మీటర్ల దూరం. విద్యుత్తు వెళ్లి తిరిగి రావాలి కనుక లెక్కలోకి వచ్చే తీగ పొడవు 70 మీటర్లు. ఒక్కవైపు దూరాన్నే లెక్కించడం తరచుగా జరిగే పొరపాటు.

2. రెండు వేర్వేరు పరీక్షలు:
కేబుల్ ఎంపికలో రెండు ప్రశ్నలుంటాయి. ప్రవాహాన్ని వేడెక్కకుండా మోయగలదా అన్నది మొదటిది. దారిలో వోల్టేజి ఎంత పోతుంది అన్నది రెండవది. 540 వాట్ల ఫలకాలు పదింటిని శ్రేణిలో కలిపితే సుమారు 410 వోల్టులు, 13 ఆంపియర్లు వస్తాయి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి సౌరకేబుల్ ఈ ప్రవాహాన్ని సులువుగా మోస్తుంది. కాబట్టి ఇక్కడ నిర్ణయాత్మకమైనది రెండవ ప్రశ్నే. దానికి సూత్రం ఇది:

ΔV = 2 × L × r × I

ఇందులో L ఒకవైపు దూరం, r మీటరు తీగ నిరోధం, I ప్రవాహం.

3. ఎండ ప్రభావం:
పట్టికల్లోని నిరోధం సాధారణంగా 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇచ్చినది. డెల్టా ఎండలో డాబామీది కేబుల్‌లోని రాగి 70 డిగ్రీలకు చేరితే నిరోధం దాదాపు ఐదోవంతు పెరుగుతుంది. అప్పుడు 4 చదరపు మిల్లీమీటర్ల తీగకు మీటరుకు సుమారు 0.0061 ఓమ్‌లు, 6 చదరపు మిల్లీమీటర్ల తీగకు 0.0041 ఓమ్‌లు వస్తాయి. మొదటిదానిలో 5.5 వోల్టులు, రెండవదానిలో 3.7 వోల్టులు నష్టమవుతాయి.

అదే ఎండకు ఫలకాల వోల్టేజి కూడా 410 నుంచి 360 సమీపానికి పడిపోతుంది. అంటే నష్టం పెరిగే వేళకే మూలం తగ్గుతుంది. కనుక నష్టశాతాన్ని 360కి లెక్కించాలి. 4కు సుమారు 1.5 శాతం, 6కు 1 శాతం. వాడుకలో 1 నుంచి 2 శాతం లోపు నష్టాన్ని ఆమోదిస్తారు. రెండూ ఆ పరిధిలోనే ఉన్నాయి. రెండింటి మధ్య ఆదా పూర్తి ఎండలో 24 వాట్లు మాత్రమే. ధరలో తేడా స్వల్పమైతేనే 6 ఎంచుకోవడం సమంజసం.

4. తీగకంటే ముందు అమరిక:
అవే పది ఫలకాలను ఐదేసి చొప్పున రెండు శ్రేణులు చేసి, డాబామీదే సమాంతరంగా కలిపి ఒకే జత తీగలతో పంపితే వోల్టేజి సగమవుతుంది, ప్రవాహం రెట్టింపవుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగలోనే నష్టం 7.4 వోల్టులకు, అంటే 180లో 4.1 శాతానికి చేరుతుంది. వోల్టేజి సగమైతే నష్టశాతం నాలుగింతలు అవుతుందన్నమాట. కాబట్టి తీగ మందం పెంచేముందు శ్రేణిని పొడిగించే వీలుందేమో చూడాలి. అయితే చలికాలపు ఉదయం, ప్రవాహం లేనప్పుడు శ్రేణిలో కనిపించే గరిష్ఠ వోల్టేజి ఇన్వర్టర్ పరిమితిని దాటకూడదు.

ఇన్వర్టర్‌నే డాబామీదికి మార్చడం కూడా పరిష్కారంగా తోస్తుంది. కానీ అప్పుడు ఆ 35 మీటర్లూ 230 వోల్టుల ఏసీ తీగ నడవాలి. 5 కిలోవాట్లకు ప్రవాహం దాదాపు 22 ఆంపియర్లు. అదే 6 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం 6 వోల్టులు దాటుతుంది. పైగా విద్యుత్తును గ్రిడ్‌కు పంపేటప్పుడు ఈ 6 వోల్టులు ఇన్వర్టర్ వద్ద గ్రిడ్ వోల్టేజికి అదనంగా చేరతాయి. గ్రిడ్ వోల్టేజి అప్పటికే ఎక్కువగా ఉంటే ఇన్వర్టర్ ఆగిపోవచ్చు.

5. దోషాన్ని గుర్తించే విధానం:
ప్రవాహం లేనప్పుడు తీగ రెండు కొసల వద్దా వోల్టేజి ఒకటిగానే కనిపిస్తుంది. అందువల్ల ఉదయాన్నే కొలిచి అంతా బాగుందనుకోరాదు. మంచి ఎండలో, ఇన్వర్టర్ పనిచేస్తుండగా, రెండు కొసలనూ ఒకేసారి కొలవాలి. 6 చదరపు మిల్లీమీటర్ల తీగకు తేడా 3.7 బదులు 8 వోల్టులుంటే లోపం తీగ మందంలో కాదు, ఎక్కడో వదులైన లేదా తుప్పుపట్టిన అతుకులో ఉన్నట్టు. అదనపు 4.3 వోల్టులు 13 ఆంపియర్లతో ఒక్క కనెక్టర్‌లో 56 వాట్ల వేడిగా మారితే ప్లాస్టిక్ కరుగుతుంది. ఈ కొలతను తగిన పరికరంతో శిక్షణ పొందినవారే చేయాలి. ప్రవాహం ఉండగా డీసీ కనెక్టర్‌ను విప్పితే ఆర్క్ ఏర్పడుతుంది.

6. ముగింపు:
ఈ నమూనాకు పది ఫలకాల ఒకే శ్రేణి, మీటరు పక్కన ఇన్వర్టర్, భారతీయ ప్రమాణం ఐఎస్ 17293కు అనుగుణమైన 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ సరిపోతాయి. దూరం 35 నుంచి 60 మీటర్లకు పెరిగితే 4లో నష్టం 2.6 శాతం దాటుతుంది. అప్పుడు 6 అవసరమవుతుంది.