ఏ ఊరి అర్ధరాత్రి?

సంక్రాంతి దగ్గరపడిందంటే అమెరికాలో ఉన్న మనవాళ్ల ఫోన్లలో స్వీట్ల ప్రకటనలు మొదలవుతాయి. ‘మీరు రాలేకపోయినా మీ ప్రేమ అమ్మ చేతికి అందుతుంది’ అనే తరహావే ఎక్కువ. ఈ వాక్యం పూతరేకులకీ సరిపోతుంది, పట్టుచీరకీ సరిపోతుంది. పండక్కి వెళ్లలేకపోయానన్న బాధ కొడుక్కి ఎలాగూ ఉంది, దాన్ని ఇంకా కెలకడం దేనికి? వాడి అనుమానం వేరు. పెట్టె భోగిలోపు చేరుతుందా?

కొనేవాడు డాలస్‌లో, తినేవాళ్లు అమలాపురంలో. భోగి జనవరి 14 అనుకుందాం. ‘12వ తేదీ అర్ధరాత్రి వరకు ఆర్డర్లు తీసుకుంటాం’ అని ప్రకటనలో ఉంది. ఆ రాత్రి తొమ్మిదింటికి కొడుకు ఇంకా మూడు గంటలుందని తీరిగ్గా డబ్బు కడతాడు. చలికాలంలో మన గడియారం డాలస్ కంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. అంటే ఇక్కడ 13వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర. దుకాణం లెక్కలో గడువు ముందురోజు అర్ధరాత్రికే దాటిపోయింది, పెట్టెలు ఎక్కిన బండి కూడా వెళ్లిపోయింది. పండగ అయ్యాక వచ్చే తిట్లన్నీ ఈ ఒక్క మాట దగ్గరే పుడతాయి. ‘భారత కాలమానం ప్రకారం 12 సాయంత్రం 6, డాలస్‌లో అదే రోజు ఉదయం 6:30’ అని రాస్తే కవిత్వం ఉండదు, గొడవా ఉండదు.

తర్వాత మిఠాయి సంగతి. కలాకండ్ లాంటి పాల మిఠాయిలు ఒకటి రెండు రోజులకు మించి ఆగవు. వాటిని హైదరాబాద్‌లో కట్టి కోనసీమకు పంపితే పెట్టె తెరవగానే పులిసిన వాసన కొడుతుంది. సున్నుండలు, అరిసెలు, కాజాలు దారి ఖర్చుకు తట్టుకుంటాయి. విడిగా అమ్మే మిఠాయిలు ఏ తేదీలోపు తినాలో దుకాణంలో రాసి పెట్టాలని ఆహార భద్రత సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన పెట్టింది. దుకాణానికి వెళ్లలేని కొడుక్కి ఆ తేదీ ప్రకటనలోనే కనపడాలి. బరువు దగ్గరా అంతే. కిలో అంటే మిఠాయి కిలో అని, డబ్బా లెక్కలోకి రాదని చెప్పాలి.

‘అమ్మానాన్నల్ని ఆశ్చర్యపరచండి’ అనేది రాసేవాళ్లకు మహా ఇష్టమైన మాట. ఆచరణలో ఇదే పెద్ద తలనొప్పి. చిరునామాలో ‘రామాలయం వెనక సందు’ అని ఉంటుంది, డెలివరీ కుర్రాడు ఫోన్ చేస్తాడు, తెలియని నంబరని నాన్నగారు ఎత్తరు. పెట్టె వెనక్కి పోతుంది. ‘మీ పేరు చెప్పి ముందురోజే ఫోన్ చేస్తాం’ అంటే ఆశ్చర్యం పోతుంది, స్వీటు మిగులుతుంది.

ఇవన్నీ కలిపితే ప్రకటన ఇలా ఉంటుంది: ‘తాపేశ్వరం కాజా, మినప సున్నుండలు. అమలాపురానికి 13న అందిస్తాం. బయల్దేరే ముందు నాన్నగారికి ఫోన్ చేస్తాం. పెట్టెలో ధర చీటీ పెట్టం.’

ఆ చివరి మాట ఉత్తినే పెట్టింది కాదు. ధర కనపడితే అమ్మ ఫోన్ చేసి అడిగే మొదటి మాట, “ఇంత డబ్బు తగలేశావేంట్రా, ఇంట్లో వండుకోలేమా?”