క్రాస్ ట్రైనింగ్ మ్యాట్రిక్స్: ప్రతి షిఫ్టులో ప్రతి కీలక పనికి ఒక అర్హుడు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఒక జట్టుకు నైపుణ్య పట్టిక తయారు చేయగలుగుతారు. దాన్ని షిఫ్టు పట్టికతో సరిపోల్చి లోపాలను గుర్తించగలుగుతారు. తక్కువ శిక్షణతో ఆ లోపాలను ఎలా పూడ్చవచ్చో నిర్ణయించగలుగుతారు.

7.1 పరిచయం

హైదరాబాదు మాదాపూర్‌లోని సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. దాని చుట్టూ పెరిగిన హైటెక్ సిటీలో చాలా జట్లు అమెరికా ఖాతాదారుల కంప్యూటర్ వ్యవస్థలను రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉంటాయి. మనకు రాత్రి పది గంటలైతే న్యూయార్క్‌లో వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఉదయం పదకొండున్నర. అందుచేత అక్కడి పని వేళలు ఇక్కడ రాత్రి షిఫ్టు అవుతాయి.

అటువంటి షిఫ్టులో నలుగురు హాజరైతే చాలు అనుకోవడం సహజం. కానీ డేటాబేస్ కూలిపోయిన రాత్రి, ఆ నలుగురిలో దాన్ని తిరిగి నిలబెట్టడం వచ్చినవారు ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. హాజరు పట్టిక ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. జవాబు చెప్పేది క్రాస్ ట్రైనింగ్ మ్యాట్రిక్స్. ఒకరి పని మరొకరికి కూడా నేర్పి, ఎవరికి ఏ పని ఎంతవరకు వచ్చో గళ్లలో రాసి పెట్టుకునే పట్టికే ఇది. ఈ ఆలోచన కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ‘ట్రైనింగ్ విథిన్ ఇండస్ట్రీ’ కార్యక్రమం ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లకు ఇటువంటి శిక్షణ కాలపట్టిక వేయడం నేర్పింది. అందులో పనివారి పేర్లు, పనులు, ఎవరికి ఏ తేదీలోగా ఏ పని నేర్పాలో ఉండేవి.

7.2 గళ్లలో ఏమి రాయాలి?

ముందుగా కీలకమైన పనులను ఏరుకోవాలి. ఒక పనిని ఆ షిఫ్టులోనే చేయకపోతే తెల్లవారేసరికి నష్టం జరిగిపోతుందా అని అడగండి. అవునంటే అది కీలకం. రేపు చేసినా పరవాలేదంటే దాన్ని పట్టికలో చేర్చకండి. పనులు నలభై అయితే పట్టిక గోడకు అలంకారంగా మిగులుతుంది.

ప్రతి గడిలో 0 నుంచి 4 వరకు ఒక అంకె వేస్తాం. 0 అంటే పని రాదు. 1 అంటే నేర్చుకుంటున్నారు. 2 అంటే పక్కన ఒకరుంటే చేయగలరు. 3 అంటే ఒంటరిగా చేయగలరు. 4 అంటే ఇతరులకు నేర్పగలరు. లెక్కలోకి తీసుకోవలసినవి 3, 4 మాత్రమే. రాత్రి రెండు గంటలకు పక్కన నిలబడేవారు ఎవరూ ఉండరు కాబట్టి 2 ఉన్నవారిని అర్హులుగా లెక్కించరాదు.

మన ఉదాహరణలో ఆరుగురున్న ఒక రాత్రి షిఫ్టు జట్టును తీసుకుందాం. వారిని క, గ, చ, జ, త, ప అని పిలుద్దాం. కీలకమైన పనులు మూడు: డేటాబేస్ పునరుద్ధరణ, మధ్యలో ఆగిన బ్యాచ్ జాబులను తిరిగి నడపడం, పెద్ద అంతరాయం వచ్చినప్పుడు అందరినీ కాల్‌లోకి పిలిచి సమన్వయం చేయడం.

| వ్యక్తి | డేటాబేస్ | బ్యాచ్ | సమన్వయం | వారాంతపు సెలవు |
|---|---|---|---|---|
| క | 4 | 3 | 3 | శని, ఆది |
| గ | 3 | 2 | 3 | ఆది, సోమ |
| చ | 1 | 4 | 0 | సోమ, మంగళ |
| జ | 0 | 3 | 1 | మంగళ, బుధ |
| త | 2 | 3 | 2 | బుధ, గురు |
| ప | 0 | 1 | 4 | శుక్ర, శని |

నిలువుగా లెక్కపెట్టండి. డేటాబేస్‌కు ఇద్దరు, బ్యాచ్‌కు నలుగురు, సమన్వయానికి ముగ్గురు అర్హులున్నారు. ఏ పనీ ఒక్కరి మీదే ఆధారపడి లేదు. చాలామంది ఇక్కడితో తృప్తిపడి పట్టికను మూసేస్తారు. మనం మాత్రం చివరి నిలువు వరుసను కూడా చదువుదాం.

7.3 మొదటి పరీక్ష: రాత్రివారీ లెక్క

ఆదివారం రాత్రి చూడండి. క, గ ఇద్దరికీ సెలవు. డేటాబేస్ అర్హులు సరిగ్గా ఆ ఇద్దరే. అంటే మొత్తం మీద రెండు ఉన్న అంకె, ఆదివారం సున్నా అయింది. పైగా మన ఆదివారం రాత్రి అమెరికాలో ఆదివారం పగలు. వ్యవస్థల్లో మార్పులు చేసే పని సాధారణంగా వారాంతంలోనే పెట్టుకుంటారు కాబట్టి, డేటాబేస్ నిపుణుడి అవసరం ఎక్కువగా ఉండే రాత్రే అతడు లేడన్నమాట.

దీన్ని సరిచేయడానికి ముందు శిక్షణ అక్కరలేదు. గ, త ఇద్దరూ సెలవులు మార్చుకుంటే చాలు. ఇకపై గకు బుధ, గురువారాలు. తకు ఆది, సోమవారాలు. ఇప్పుడు ఆదివారం గ పనిలో ఉంటాడు. ఏ రాత్రీ ఏ పనికీ సున్నా లేదు. ఖర్చు లేని ఈ మార్గాన్ని ఎప్పుడూ ముందుగా వెతకాలి.

7.4 రెండో పరీక్ష: ఒకే మనిషిని రెండుసార్లు లెక్కించామా?

ఇప్పుడు శనివారం చూడండి. క, ప సెలవులో ఉన్నారు. గ, చ, జ, త పనిలో ఉన్నారు. డేటాబేస్‌కు గ ఉన్నాడు. సమన్వయానికి కూడా గ ఉన్నాడు. రెండు గడులూ నిండినట్టే కనబడతాయి. కానీ డేటాబేస్ కూలిన రాత్రే పెద్ద అంతరాయం వస్తుంది. రెండు పనులూ ఒకే గంటలో పడతాయి. ఖాతాదారుడికి ఫోనులో జవాబు చెబుతూ అదే మనిషి డేటాబేస్‌ను సరిచేయలేడు.

కాబట్టి గడులు నిండాయా అని కాకుండా, ఒక్కొక్క పనికి ఒక్కొక్క వేరు మనిషిని కేటాయించగలమా అని చూడాలి. కాగితం మీద ఒక పక్క పనులు, మరో పక్క ఆ రాత్రి హాజరైనవారి పేర్లు రాసి గీతలతో కలపండి. ఒకే పేరుకు రెండు గీతలు వస్తే ఆ షిఫ్టు పరీక్షలో తప్పినట్టు.

7.5 మూడో పరీక్ష: ఒకరు రాకపోతే?

ఇంతవరకు సెలవులో లేనివారంతా వస్తారనుకున్నాం. జ్వరం వచ్చి ఒకరు రాలేదనుకుందాం. హాజరైన నలుగురిలో ఒక్కొక్కరినీ వరుసగా కొట్టివేసి, మిగిలిన ముగ్గురికి మూడు పనులూ పంచగలమా అని చూడాలి. ఇది శ్రమ అనిపించినా, ఏడు రాత్రులకు కలిపి ముప్పై తనిఖీలే. ఈ లెక్కలో రెండు లోపాలు స్పష్టంగా కనబడతాయి. ఆదివారం గ రాకపోతే డేటాబేస్‌కు ఎవరూ లేరు. శనివారం గ రాకపోతే డేటాబేస్‌కూ, సమన్వయానికీ ఎవరూ లేరు.

డేటాబేస్ ఎవరికి నేర్పాలి? పట్టిక చూస్తే త పేరు వెంటనే తడుతుంది. అతడు ఇప్పటికే 2లో ఉన్నాడు, ఇంకొక్క మెట్టే. కానీ కొత్త సెలవుల ప్రకారం ఆదివారం త ఉండడు. అతడికి నేర్పినా ఆదివారం లోపం అలాగే ఉంటుంది. చ 1లోనే ఉన్నాడు, శిక్షణకు ఎక్కువ కాలం పడుతుంది. అయినా శని, ఆదివారాల్లో అతడు పనిలో ఉంటాడు. కనుక డేటాబేస్ చకు నేర్పాలి. తకు సమన్వయం 3కు పెంచాలి.

శనివారం మళ్లీ చూద్దాం. గ రాకపోతే డేటాబేస్ చకు, సమన్వయం తకు, బ్యాచ్ జకు. త రాకపోతే డేటాబేస్ చకు, సమన్వయం గకు, బ్యాచ్ జకు. ఆదివారం గ రాకపోతే డేటాబేస్ చకు, సమన్వయం పకు, బ్యాచ్ జకు. మిగిలిన రాత్రులను మీరే తనిఖీ చేయండి. ఒక సెలవు మార్పు, రెండు శిక్షణలతో వారమంతా ఒకరి గైర్హాజరును జట్టు తట్టుకుంటుంది. నేర్చుకోవడం ఎవరికి సులభమన్నది మాత్రమే చూడక, లోపమున్న రాత్రి ఎవరు హాజరులో ఉంటారో కూడా చూసి శిక్షణార్థిని ఎంచుకోవాలని గుర్తుంచుకోండి.

7.6 అంకె నిజమని ఎలా తెలుస్తుంది?

“నాకు వచ్చు” అన్న మాట మీద 3 వేయకూడదు. చ పరీక్షా సర్వర్ మీద, బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను ఒప్పుకున్న గడువులో, రాత పూర్వకమైన సూచనలు మాత్రమే చూసి తిరిగి నిలబెట్టాలి. క పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడాలి. ఇలా వేరువేరు రోజుల్లో రెండు మూడుసార్లు జరిగాక అంకెతోపాటు తేదీ వేయాలి. చాలాకాలం చేయని పని మరుపున పడుతుంది. ఉదాహరణకు మూడు నెలలుగా చేయకపోతే 3ను 2కు దించాలని జట్టు ఒక నియమం పెట్టుకోవచ్చు.

మరో పొరపాటు అంకెలో కనబడదు. పని వచ్చును గాని, అసలు సర్వర్‌లోకి ప్రవేశించే అనుమతి ఆ మనిషి లాగిన్‌కు ఉండదు. ఆ సంగతి ఆపద వేళే బయటపడుతుంది. అందుకే 3 వేసేముందు ఆ మనిషి తన సొంత లాగిన్‌తో లోపలికి వెళ్లగలడా అన్నదీ చూడాలి.

పట్టిక అబద్ధమాడుతోందని తెలిపే గుర్తు ఒకటుంది. అన్ని గడుల్లో 3 ఉన్నా, రాత్రి ఫోన్లన్నీ సెలవులో ఉన్న కకే వెళుతున్నాయా? అలాగైతే జట్టు తన పట్టికను తానే నమ్మడం లేదన్నమాట. ఒక రాత్రి కను ముందుగా చెప్పి తప్పించి, డేటాబేస్ పనిని అభ్యాసంగా ఇచ్చి చూస్తే నిజం తేలుతుంది.

7.7 పరిమితులు

మన పట్టిక ఒక్కరి గైర్హాజరుకే హామీ ఇస్తుంది. ఆదివారం గ, చ ఇద్దరూ రాకపోతే డేటాబేస్ మళ్లీ సున్నా. ఇద్దరు ఒకేసారి రాకపోవడం అరుదని కొట్టిపారేయకండి. గైర్హాజరులు ఒకదానితో ఒకటి ముడిపడి వస్తాయి. సంక్రాంతికి చాలామంది ఒకే వారంలో ఊళ్లకు వెళతారు. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాల వంటివి వచ్చినప్పుడు ఒకే క్యాబ్‌లో వచ్చేవారంతా ఒకేచోట చిక్కుకుంటారు.

పండుగ ముందే తెలుస్తుంది కాబట్టి ఆ వారానికి మూడు పరీక్షలనూ విడిగా చేసి, ఆ తరువాతే సెలవులు మంజూరు చేయాలి. వాన ముందుగా తెలియదు. అందుచేత ఒకే పనిలో అర్హులైన గ, చ ఇద్దరినీ ఒకే క్యాబ్ మార్గంలో పెట్టకూడదు. అప్పటికీ మిగిలే లోపానికి సాయంత్రం షిఫ్టులోని అర్హుడొకరు ఫోనుకు అందుబాటులో ఉండేలా ఏర్పాటు చేసి, ఆ పేరును కూడా పట్టిక కింద రాయాలి.

7.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. శిక్షణలు పూర్తయిన తరువాత చ తన సెలవును మంగళ, బుధవారాలకు మార్చమని అడిగాడు. బుధవారం రాత్రి ఎంతమంది మిగులుతారు? అందులో ఒకరు రాకపోతే మూడు పనులకు ఏమవుతుంది? మీరు అనుమతిస్తారా?
2. సెలవు మార్పుల తరువాత చకు బదులు తకు డేటాబేస్ నేర్పామనుకోండి. ఏ రాత్రి, ఎవరు రాకపోతే జట్టు పరీక్షలో తప్పుతుంది?
3. మీరు పనిచేసే చోట లేదా మీకు తెలిసిన ఆసుపత్రి, విద్యుత్ ఉపకేంద్రం వంటి చోట మూడు కీలకమైన పనులను ఏరి, ఒక వారానికి పట్టిక వేసి మూడు పరీక్షలనూ చేయండి.