జీతాల ఫైలు ఎవరికి ఎంత పంపాలి?

ఉత్తర ఐర్లాండ్ పోలీసు శాఖను సమాచార హక్కు కింద ఒకరు అడిగిన ప్రశ్న చాలా మామూలుది. ఏ హోదాలో ఎంతమంది పనిచేస్తున్నారో చెప్పండి, అంతే. 2023 ఆగస్టు 8న శాఖ ఒక ఎక్సెల్ ఫైలుతో జవాబిచ్చింది. తెరిచిన వాళ్లకు కనిపించింది హోదాలు, వాటి పక్కన అంకెలు ఉన్న పట్టికే. దాని వెనక మరో షీటు దాగి ఉంది. దాదాపు 9,500 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, పేర్ల పొడి అక్షరాలు, హోదా, విభాగం, పనిచేసే చోటు అన్నీ అందులో ఉన్నాయి. ఫైలు రెండున్నర గంటల పాటు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉండిపోయింది. పోలీసులను గురిపెట్టి చంపే సాయుధ ముఠాలున్న ప్రాంతం అది. అక్కడ చాలామంది తమ ఉద్యోగం ఏమిటో చుట్టుపక్కల వాళ్లకు కూడా చెప్పుకోరు. జాబితా ఆ ముఠాల చేతికి చిక్కిందని పోలీసు శాఖే తర్వాత ఒప్పుకుంది. మరుసటి నెలలో శాఖాధిపతి రాజీనామా చేశారు. 2024 అక్టోబరులో బ్రిటన్ డేటా నియంత్రణ సంస్థ ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

ఇక్కడ హ్యాకర్లు లేరు, దొంగలు లేరు. సిబ్బంది వివరాలను ఒక ఫైలులోకి దించుకున్నారు, అదే ఫైలులో వేరే షీట్లు తీసి లెక్కలు కట్టారు, పని అయ్యాక కంటికి కనిపించిన షీట్లన్నీ చెరిపేశారు. అసలు వివరాలున్న షీటును మాత్రం ఎవరూ గమనించలేదు. మన ఆఫీసుల్లో ప్రతి నెలాఖరునా జీతాల ఫైలుతో జరిగేది అచ్చంగా ఇదే పని.

ఆ ఫైలులో ఏముంటుందో ఒకసారి చూద్దాం. ఉదాహరణకు 86 మంది పనిచేసే ఒక ప్రైవేటు కాలేజీని ఊహించుకోండి. ఉద్యోగి నంబరు, పేరు, హోదా, ఫోను, పాన్, పీఎఫ్ కోసం యూఏఎన్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్ఎస్‌సీ కోడ్. ఆ తర్వాత బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ, గ్రాస్. ఇక కోతలు, చివర చేతికొచ్చే జీతం. గ్రాస్ ఎంతో తెలిస్తే తోటివాళ్ల మధ్య కాస్త అసూయ పుడుతుందేమో, అంతకు మించి పోయేదేమీ లేదనుకుంటాం. నిజంగా నొప్పించేవి కోతల కాలమ్‌లు. లాస్ ఆఫ్ పే కింద పద్దెనిమిది రోజులు పడితే ఆ మనిషి ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసిపోతుంది. కోర్టు అటాచ్‌మెంట్ అని ఉంటే అప్పో, భరణమో అని అందరికీ అర్థమవుతుంది. పేరు, ఫోను, పాన్, ఖాతా, జీతం పడే తేదీ ఒకే వరుసలో మోసగాడికి దొరికితే ఇక చెప్పేదేముంది? మీ శాలరీ అకౌంట్ కేవైసీ ఆగిపోయిందండీ అంటూ నిన్న పడిన జీతం రూపాయలతో సహా చెప్తాడు. అంతా విన్నాక ఓటీపీ చెప్పకుండా ఉండటం ఎవరికైనా కష్టమే.

ఈ ఫైలును నెలనెలా కనీసం ముగ్గురు అడుగుతారు. బ్యాంకుకు కావాల్సింది పేరు, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, వేయాల్సిన మొత్తం. బేసిక్ ఎంత, లోను కోత ఎంత అన్నది దానికి అక్కర్లేదు. పీఎఫ్ పని చూసే కన్సల్టెంట్‌కు యూఏఎన్, పేరు, వేతనం, చందా, పనికి రాని రోజులు చాలు. ఖాతా నంబరు, ఫోను ఆయన చేసే పనిలో ఎక్కడా రావు. యాజమాన్యానికి సాధారణంగా కావాల్సింది ఏ విభాగం మీద ఎంత ఖర్చవుతోందన్న మొత్తాలే. ముగ్గురికీ మూడు వేర్వేరు పట్టికలు పంపాల్సిన చోట, ఓపిక లేకో తీరిక లేకో ఒకటే ఫైలు పంపేస్తాం. లేదంటే అక్కర్లేని కాలమ్‌లను హైడ్ చేసి పంపుతాం. ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే పంపేవాళ్లు జాగ్రత్త పడ్డామనే ధీమాలో ఉంటారు.

మన కాలేజీ ఛైర్మన్ కమిటీ మీటింగ్ కోసం విభాగాల వారీ ఖర్చు అడిగారనుకుందాం. అకౌంట్స్ చూసే ఆవిడ పనిమంతురాలు, ఐదు నిమిషాల్లో పివట్ టేబుల్ వేసింది. ఫిజిక్స్ 3,12,000, కెమిస్ట్రీ 2,84,000, ఇలా. అసలు జీతాల షీటును హైడ్ చేయడం కాదు, ఏకంగా డిలీట్ చేసి కమిటీ సభ్యులందరికీ మెయిల్ పెట్టింది. సభ్యుల్లో ఒకరు ఊరికే ఆ 3,12,000 మీద రెండుసార్లు క్లిక్ చేశారు. టక్కున కొత్త షీటు తెరుచుకుంది. ఫిజిక్స్‌లో పనిచేసే ఆరుగురి వరుసలు పాన్, ఖాతా, కోతలతో సహా ఎదురుగా నిలబడ్డాయి. ఎలాగంటే, పివట్ టేబుల్ వేసినప్పుడు ఎక్సెల్ మూల డేటా మొత్తానికి ఒక నకలు తీసి తన లోపల పెట్టుకుంటుంది. షీటు పోయినా ఆ నకలు పోదు. సెట్టింగులు మార్చకపోతే ఫైలుతో పాటే అదీ సేవ్ అవుతుంది.

నమ్మకం కుదరకపోతే మీ పాత ఫైలు ఒకదానికి కాపీ తీసి, పేరు చివరి xlsx తీసేసి zip అని మార్చి తెరవండి. ఎక్సెల్ ఫైలంటే నిజానికి ఒక మూటే. లోపల `xl/worksheets` అనే ఫోల్డర్‌లో దాచినవాటితో సహా షీట్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. పివట్ ఉంటే `xl/pivotCache` అని మరో ఫోల్డర్ ఉంటుంది. ఆ నకలు దాక్కునే చోటు అదే.

కాబట్టి పాత ఫైలులోంచి తీసేసుకుంటూ పోయే పద్ధతి మానేయాలి. ఎన్ని తీసినా ఇంకా ఏం మిగిలిందో మనకు తెలియదు. ఖాళీగా కొత్త ఫైలు తెరిచి, అవతలివాళ్లకు కావాల్సిన కాలమ్‌లను ఒక్కొక్కటిగా అందులోకి తెచ్చుకోవాలి. తెచ్చేటప్పుడు మామూలు పేస్ట్ కొట్టకుండా Paste Special లో Values ఎంచుకుంటే అంకెలు మాత్రమే వస్తాయి, వాటి వెనక ఫార్ములాలు గానీ పివట్ గానీ రావు. ఒక చిక్కుంది. హైడ్ చేసిన కాలమ్‌ల మీదుగా ఒకేసారి ఎంచుకుని కాపీ చేస్తే దాచినవీ వెంట వస్తాయి. అందుకే కాపీకి ముందు అన్నీ అన్‌హైడ్ చేసుకోవడం మంచిది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే అన్నీ పోతాయని కొందరి నమ్మకం. మిగతా షీట్లు పోయే మాట నిజమే గానీ, ఆ షీటులో దాచిన కాలమ్‌లు, వరుసలు సీఎస్‌వీలోకి నిక్షేపంగా వెళ్తాయి.

ఫైలు తయారయ్యాక File లో Info కింద Check for Issues నొక్కి Inspect Document నడపండి. దాచిన షీట్లు, కాలమ్‌లు, కామెంట్లు ఉంటే చెబుతుంది. ఆ తర్వాత ఫైలు మూసి, అవతలి మనిషిలాగా కొత్తగా తెరిచి చూడండి. షీటు పేరు మీద కుడి క్లిక్ చేస్తే Unhide అన్నది వెలిగి ఉందా? Ctrl+End నొక్కితే కర్సర్ పట్టిక చివర ఆగిందా, ఎక్కడో దూరంగా పడిందా? 86 మంది పట్టికకు ఫైలు సైజు అసహజంగా పెద్దగా ఉందా? వీటిలో ఏది తేడాగా ఉన్నా పంపకండి.

ఇంతా చేశాక కూడా లెక్కలు తెలిసినవాళ్లకు దొరికిపోయే సంగతులుంటాయి. జీతం కాలమ్ తీసేసి పీఎఫ్ కాలమ్ ఉంచారనుకోండి. ఉద్యోగి వాటా బేసిక్, డీఏల మీద 12 శాతం. 2,640 రూపాయలు కోత ఉందంటే అవి రెండూ కలిపి 22,000 అని నోటిలెక్కతో తేలిపోతుంది. 1,800 ఉంటే మాత్రం చెప్పలేం, చాలా సంస్థలు 15,000 పరిమితి దగ్గరే కోత ఆపేస్తాయి. ఈఎస్ఐ ఇంకా సూటిగా చెబుతుంది. అది 0.75 శాతం కనుక 135 రూపాయలుంటే జీతం 18,000. అసలు ఈఎస్ఐ కోత ఉండటమే ఆ మనిషి జీతం సాధారణంగా 21,000 దాటలేదని చెప్పేస్తుంది.

పేర్లు తీసేసి మొత్తాలే ఇచ్చినా చిన్న గుంపుల దగ్గర బండారం బయటపడుతుంది. కాలేజీకి లైబ్రేరియన్ ఒక్కరే అయితే లైబ్రరీ విభాగం మొత్తం అంటే ఆయన జీతమే. కెమిస్ట్రీ జూన్‌లో 2,84,000, జులైలో 3,26,000 ఉండి, మధ్యలో ఒక్క లెక్చరర్ చేరి, మిగతావాళ్ల జీతాల్లో మార్పు లేకపోతే ఆ కొత్త మనిషి జీతం 42,000 అని నలుగురికీ తెలిసినట్టే. నలుగురైదుగురి కంటే తక్కువమంది ఉన్న విభాగాలను కలిపేసి ఇతరములు అని ఒక్క వరుస చూపించడం నా దృష్టిలో మంచి అలవాటు.

పంపే దారి గురించి రెండు మాటలు. Protect Sheet కింద పెట్టే పాస్‌వర్డు సెల్‌లను మార్చకుండా ఆపడానికి తప్ప డేటాకు తాళం కాదు. తాళం వేయాలంటే Protect Workbook కింద Encrypt with Password ఎంచుకోవాలి. ఆ పాస్‌వర్డును అదే మెయిల్‌లో రాయకుండా ఫోన్ చేసి చెప్పండి. గూగుల్ షీట్స్‌లో లింకు ఇస్తుంటే Anyone with the link వదిలేసి మనిషి మెయిల్ ఐడీతోనే అనుమతి ఇవ్వండి. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ ఫైలు పెట్టనే పెట్టకూడదు. రిలీవైన ఉద్యోగులు కూడా సగం గ్రూపుల్లో ఇంకా ఉంటారు.

ప్రభుత్వోద్యోగుల జీతాలు దాచేవి కావు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4 అధికారుల, ఉద్యోగుల నెలసరి వేతనాన్ని ఎవరూ అడగకుండానే ప్రకటించమంటుంది. అక్కడ ఉన్నది వేతనం గురించే. పాన్, ఖాతా నంబరు, సొసైటీ లోను కోత ప్రకటించమని ఆ సెక్షన్ చెప్పలేదు. పే బిల్లును ఉన్నదున్నట్టు వెబ్‌సైట్‌లో పెట్టడానికి దాన్ని సాకుగా చూపించడం కుదరదు.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. సంస్థల మీద బాధ్యత మోపే ప్రధాన నిబంధనలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. డేటా బయటపడితే ఎవరి వివరాలు పోయాయో వాళ్లకూ, డేటా రక్షణ బోర్డుకూ తెలియజేయాలి. తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు.

తప్పు జరిగిందని తెలిస్తే మెయిల్ రీకాల్ మీద ఆశ పెట్టుకోకండి, సంస్థ బయటికి పోయిన మెయిల్‌ను అది వెనక్కి తేలేదు. అందినవాళ్లకు ఫోన్ చేసి చెరిపేయమనండి, చెరిపేశామని రాయించుకోండి, ఎవరి వివరాలు వెళ్లాయో వాళ్లకు ఆ రోజే చెప్పండి. బ్యాంకు నుంచి అంటూ వచ్చే ఫోన్లను నమ్మవద్దని చెప్పడానికి అదే సమయం. ఈలోగా మీ మెయిల్ సెంట్ ఫోల్డర్‌లో salary అని ఒకసారి వెతికి చూడండి. మూడేళ్ల కిందట ఎవరికో పంపిన పూర్తి ఫైలు, వాళ్ల ఇన్‌బాక్స్‌లో ఇంకా అలాగే పడి ఉండొచ్చు.