నవ్వు మాటున వేదన

ఒక వేదిక, ఒక మైకు, ఒక దీపకాంతి, ఎదుట కూర్చున్న ప్రేక్షకులు. స్టాండప్ కామెడీ అనే ప్రదర్శనకు ఇంతకంటె ఉపకరణాలు అవసరం లేదు. వేషం లేదు; తోడునటులు లేరు; తెర లేదు. హాస్యకారుడు తన పేరుతోనే నిలబడి, తన ఇంటివారిని గురించీ తన జీవితాన్ని గురించీ మాట్లాడుతూ నవ్విస్తాడు. అతడు చెప్పేది నిజమో కల్పనో ప్రేక్షకులకు తెలియదు. ఈ అనిశ్చితియే కథారచయితకు ఒక అవకాశం. మనస్సులో గాయమున్న మనిషి దానిని దాచుకొనడానికి ఇంతకంటె అనువైన చోటు ఉండదు. అందరికీ కనబడే చోట నిలబడి, అందరికీ వినబడేలా చెప్పినా, వినేవారు దానిని హాస్యమనే అనుకొంటారు.

ఇటువంటి హాస్యకారుని పాత్రగా మలచి, అతని వేదనను ఒకే ఒక ప్రదర్శన ద్వారా చూపదలచిన రచయిత మొదట హాస్యోక్తి నిర్మాణాన్ని తెలుసుకోవాలి. హాస్యోక్తికి రెండు భాగాలుంటాయి. మొదటి భాగం వినేవారిలో ఒక ఎదురుచూపును కలిగిస్తుంది. రెండవ భాగం ఆ ఎదురుచూపును ఊహించని దిక్కుకు మళ్ళిస్తుంది. ఆ మలుపు వద్దనే నవ్వు పుడుతుంది. నవ్వు పుట్టగానే హాస్యకారుడు ఆగిపోతాడు. అయితే జీవితంలో ఏ సంఘటనా నవ్వు పుట్టిన చోట ఆగదు. దానికి తరువాయి ఉంటుంది.

ఆస్ట్రేలియాకు చెందిన హాస్యకళాకారులు హానా గాడ్స్‌బీ 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన 'నానెట్' అనే ప్రదర్శనలో ఈ సంగతినే బయటపెట్టారు. హాస్యోక్తికి రెండు భాగాలు చాలుననీ, కథకు ఆది మధ్యాంతాలు మూడూ కావాలనీ వారు వివరించారు. ప్రదర్శన తొలి భాగంలో బస్టాపు దగ్గర ఒక వ్యక్తి తమను కొట్టబోయి, పొరపడ్డానని తెలుసుకొని క్షమాపణ చెప్పిన సంఘటనను వర్ణించి నవ్వించారు. చివరి భాగంలో అదే సంఘటనను మళ్ళీ ఎత్తుకొని, ఆ వ్యక్తి తిరిగివచ్చి తమను నిజంగానే కొట్టాడని చెప్పారు. మొదట నవ్విన సభ నిశ్శబ్దమైపోయింది. రెండుసార్లు చెప్పినదీ ఒకే సంఘటన. మారినది దానిని ఎక్కడ ఆపాలన్న నిర్ణయం మాత్రమే. కాబట్టి పాత్ర దాచుకొన్న బాధ ఎక్కడో విడిగా ఉండదు. అతడు చెప్పే హాస్యోక్తిలోనే, అతడు ఆగిపోయిన చోటికి ఒక అడుగు అవతల ఉంటుంది.

నవలాప్రక్రియలో దీనికి ఇజ్రాయెల్ రచయిత డేవిడ్ గ్రాస్‌మన్ 2014లో హీబ్రూ భాషలో ప్రచురించిన నవల మంచి ఉదాహరణ. 'ఎ హార్స్ వాక్స్ ఇంటు ఎ బార్' అనే పేరుతో వెలువడిన దాని ఆంగ్లానువాదానికి 2017లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ పురస్కారం లభించింది. నెతన్యా అనే పట్టణంలో ఒక రాత్రి దొవాలే అనే హాస్యకారుడు ఇచ్చిన ప్రదర్శనయే ఈ నవలంతా. బాలుడుగా ఒక శిబిరంలో ఉన్నప్పుడు అతనికి ఇంటినుండి మరణవార్త వస్తుంది. తల్లిదండ్రులలో పోయినది ఎవరో ఎవరూ చెప్పరు. ఆ సంగతి తెలియకుండానే అతడు అంత్యక్రియలకు బయలుదేరుతాడు. దారి పొడుగునా వాహనం నడిపే యువకుడు అతనికి హాస్యోక్తులు చెబుతూనే ఉంటాడు. ఆ ప్రయాణాన్ని దొవాలే వేదికమీద చెప్పసాగినప్పుడు, నవ్వుకోవడానికి వచ్చినవారు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. ఈ కథను చెప్పేది హాస్యకారుడు కాదు. అతని బాల్యమిత్రుడైన ఒక విశ్రాంత న్యాయమూర్తి. ప్రేక్షకులకు తెలియని సంగతి కొంత తెలిసిన సాక్షి సభలో ఒకడుంటే, పాత్ర నోరు విప్పకుండానే పాఠకునికి లోతు తెలుస్తుంది.

గాడ్స్‌బీ, గ్రాస్‌మన్ ఇద్దరూ చివరికి గాయాన్ని బయటికే చెప్పించారు. చివరివరకు దాచే పాత్రను చిత్రించడం ఇంకా కష్టం. అదెలా సాధ్యమో ఒక కల్పిత సన్నివేశం ద్వారా పరిశీలించవచ్చు.

హైదరాబాదులో ఒక చిన్న సభామందిరం. పదిహేను నిమిషాల ప్రదర్శన. హాస్యకారుని తండ్రి ఊళ్ళో సైకిల్ షాపు నడిపినవాడు. రచయిత ముందుగా తనకోసం ఒక వాక్యం రాసుకొంటాడు: 'ఏడాది కిందట ఒక సాయంత్రం తండ్రి ఫోను చేశాడు, డబ్బు కోసమేననుకొని కొడుకు కట్ చేసి వేదిక ఎక్కాడు, తిరిగివచ్చేసరికి తండ్రి లేడు.' ఈ వాక్యం కథలో ఎక్కడా రాదు. కాని ప్రతి హాస్యోక్తీ దీని చుట్టూనే తిరుగుతుంది.

వేదిక ఎక్కేముందు హాస్యకారుడు తన ఫోనును సౌండ్ ఆపరేటరు చేతికిచ్చి, "మోగితే చెప్పు" అంటాడు. అందరూ సైలెంటులో పెట్టించుకొనే ఫోనును ఇతడు గట్టిగా మోగేలా పెట్టి ఇస్తాడు. ఏడాదిగా ప్రతి ప్రదర్శనకూ ఇదే వరుస. కారణం ఆపరేటరుకు తెలియదు. అతడే ఈ కథలో సాక్షి.

రెండవ నిమిషంలో మొదటి హాస్యోక్తి వస్తుంది. "మా నాన్న ఫోన్ చెయ్యడు. మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒక రింగంటే బాగున్నానని. రెండు రింగులంటే తిన్నావా అని. మూడంటే డబ్బు పంపమని. అందుకే మూడోది మోగకముందే నేను కట్ చేస్తా." సభ నవ్వుతుంది. "నాన్నా, ఇప్పుడు కాల్స్ ఫ్రీ అని చెప్పా. ఫ్రీ అయితే మాత్రం తగలేస్తామట్రా అన్నాడు." సభ మరింత నవ్వుతుంది. ఇక్కడ అనుమానానికి తావు లేదు. తండ్రి బతికి ఉన్నాడు, పిసినారి, ప్రేమగలవాడు. ప్రేక్షకులతోపాటు పాఠకుడూ అలాగే నమ్మాలి.

ఎనిమిదవ నిమిషంలో తండ్రి మళ్ళీ వస్తాడు. "మా నాన్న పంక్చరు వేస్తూ అనేవాడు..." అని ఒక్క క్షణం ఆగి, "అంటాడు" అని సరిదిద్దుకొంటాడు. "ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో నీళ్ళలో ముంచితే తెలుస్తుంది; నీ చదువు ఎక్కడ పోతోందో తెలియడానికి నిన్నెందులో ముంచాలిరా అని." సభ మళ్ళీ నవ్వుతుంది. నవ్వులో ఆ సవరణ మునిగిపోతుంది. తెలుగులో 'అంటాడు', 'అనేవాడు' అనే రెండు క్రియలకు మధ్యనున్న తేడా ఒక మనిషి ఉండడానికీ లేకపోవడానికీ మధ్యనున్న తేడా కావచ్చు. రచయిత దానిని వివరించడు. ఆపరేటరు తలెత్తి చూశాడని మాత్రం రాసి ముందుకు సాగుతాడు.

పదమూడవ నిమిషంలో ప్రేక్షకులలో ఒకరి ఫోను మోగుతుంది. ముందు చెప్పిన హాస్యోక్తిని మళ్ళీ తలపునకు తెచ్చి నవ్వించే పద్ధతిని ఈ రంగంలో కాల్‌బ్యాక్ అంటారు. హాస్యకారుడు వేలెత్తి లెక్కపెడతాడు. "ఒకటి... బాగున్నాట్ట. రెండు... తిన్నారా అంటున్నాడు." సభ గొల్లుమంటుంది. సిగ్గుపడిన ఆ ప్రేక్షకుడు కట్ చేయబోతాడు. "కట్ చెయ్యకండి సార్" అంటాడు హాస్యకారుడు. నవ్వు ఇంకా వినబడుతూనే ఉంటుంది. "కట్ చెయ్యకండి. మాట్లాడండి." రెండవసారి ఆ మాట విన్నాక నవ్వు తగ్గుతుంది. ఆ ప్రేక్షకుడు మెల్లగా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తాడు. అంతవరకు హాస్యకారుడు మైకును నోటికి దూరంగా పట్టుకొని నిలబడే ఉంటాడు. సభలో ఫ్యాను చప్పుడు వినబడుతుంది. తరువాత, "డబ్బులేనా సార్?" అని అడుగుతాడు. సభ ఊపిరి పీల్చుకొని ఒక్కసారిగా నవ్వుతుంది. ప్రదర్శన ముగుస్తుంది. ఆపరేటరు తన చేతిలోని ఫోనువంక చూస్తాడు. అది మోగలేదు.

ఈ సన్నివేశంలో మూడు ఘట్టాలకూ మూలవస్తువు ఒక్కటే. మొదటిసారి అది వట్టి హాస్యం. రెండవసారి అందులో ఒక పగులు కనబడుతుంది. మూడవసారి ఆ హాస్యమే గాయమని తెలుస్తుంది. అందరినీ ఎక్కువగా నవ్వించిన 'కట్ చేస్తా' అన్న మాటయే అతణ్ణి దహిస్తున్న మాట. అతడు కంటతడి పెట్టలేదు, తన తప్పు ఒప్పుకోలేదు. మరొకరిచేత ఫోను ఎత్తించాడు, అంతే. తాను చేయలేకపోయిన పనిని ఇంకొకరిచేత చేయించడంలోనే అతని పశ్చాత్తాపమంతా ఉంది.

ఇటువంటి రచన చెడిపోయే తావులు రెండున్నాయి. హాస్యోక్తి నవ్వు తెప్పించకపోవడం మొదటిది. బాధను చూపాలన్న తొందరలో రచయిత హాస్యాన్ని నిట్టూర్పుగా మారుస్తాడు. అప్పుడు దాచడానికి ముసుగే మిగలదు. కథ తెలియని ఒకరికి ఆ హాస్యోక్తిని మాత్రమే విడిగా వినిపిస్తే ఈ లోపం బయటపడుతుంది. వారు నవ్వకపోతే దానిని తిరిగి రాయాలి. రెండవది, 'పైకి నవ్వుతున్నా లోలోపల కుమిలిపోతున్నాడు' వంటి వ్యాఖ్యను చేర్చడం. అటువంటి వాక్యాన్ని కొట్టివేసి చదివినా బాధ తెలిస్తే ఆ వాక్యం అనవసరం. తెలియకపోతే లోపం సన్నివేశంలో ఉన్నది. దానిని వ్యాఖ్య తీర్చలేదు.

మరొక పరిమితినీ గుర్తుంచుకోవాలి. నవ్వించేవారందరూ లోపల ఏడుస్తూ ఉంటారన్నది అరిగిపోయిన ఊహ. ఆ ఊహమీద ఆధారపడిన పాత్ర ఎవరికీ చెందదు. ఊళ్ళో సైకిల్ షాపు, మూడవ రింగు, కట్ చేసిన ఫోను అనేవి మాత్రం ఒక్క మనిషివే. ఆ మనిషి దీపం ఆరిపోయిన తరువాత వేదిక దిగి, ఆపరేటరు దగ్గరకు వచ్చి, చేయి చాపి అడిగేది కూడా ఒక్కటే: "మోగిందా?"