వైద్యాధికారిని పరిచయం చేసేటప్పుడు

కాలనీ సంఘం సమావేశానికి పట్టణ ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి వస్తే, ఆమె డిగ్రీల చిట్టా చదవడం కంటే ఏ టీకా, ఎవరికి అన్నది ముందు చెప్పడం మేలు. తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమమైతే పరిచయం ఇలా ఉండొచ్చు:

"అందరికీ నమస్కారం. వీరు మన ప్రాంత ఆరోగ్య కేంద్రం డాక్టర్‌గారు. ఈ టీకా మొదటి డోసు 9 నెలలు నిండాక, రెండోది 16–24 నెలల మధ్య ఉచితంగా వేస్తారు. ఏ డోసైనా తప్పిందేమో పిల్లల టీకా కార్డులో చూసుకోండి. జ్వరం, అలర్జీ సందేహాలుంటే మేడమ్‌గారిని అడగండి."

పరిచయం చేసేవారు అక్కడితో ఆగాలి. వైద్య సందేహాలకు జవాబు డాక్టరే చెప్పాలి. వాచ్‌మన్, పనివాళ్ల కుటుంబాలనూ సమావేశానికి పిలవాలి. తరచూ ఇల్లు మారే కుటుంబాల పిల్లలకే డోసులు ఎక్కువగా తప్పిపోతుంటాయి.