మీ ఇంటికొస్తాం... కానీ హోటల్లో దిగుతాం!

వైజాగ్ వెళ్తున్నామని అక్కడున్న ఫ్రెండ్‌కి చెప్పామో లేదో, 'హోటలేంట్రా, మా ఇల్లుండగా!' అనే మాట వచ్చేస్తుంది. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనలేం. కానీ మనతో రెండేళ్ల పాప ఉంది, రాత్రి ఆఫీసు కాల్ ఉంది, వాళ్లది రెండు బెడ్‌రూముల ఇల్లు. హోటల్లో దిగితేనే హాయి అని మనకు తెలుసు. చెప్పడమే కష్టం. ఒప్పేసుకుని మూడు రోజులూ మొహమాటంతో గడిపేవాళ్లు కొందరు. అసలు చెప్పకుండా వెళ్లొచ్చి, వాట్సాప్ స్టేటస్‌లో బీచ్ ఫొటోతో దొరికిపోయేవాళ్లు ఇంకొందరు. రెండోది స్నేహానికి మరీ చేటు. హోటల్లో దిగామన్నది కొన్నాళ్లకు మర్చిపోతారేమోగానీ, ఊరొచ్చి చెప్పలేదన్నది మర్చిపోరు.

మా టీమ్‌లో ఒకతను ఈ పని ఎంత చక్కగా చేశాడో దగ్గరుండి చూశాను. శుక్ర, శని, ఆదివారాలు అతని వైజాగ్ ట్రిప్. భార్య, రెండేళ్ల పాప, తను. కాలేజీలో నాలుగేళ్లు రూమ్‌మేట్‌గా ఉన్న స్నేహితుడు అమ్మానాన్నలతో కలిసి గాజువాకలో ఉంటాడు. అతను ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో చూస్తే విషయమంతా అర్థమవుతుంది.

'మీకెందుకు ఇబ్బంది' అనొద్దు

మనలో చాలామంది మొదట అనే మాట ఇదే. 'మీకు ఇబ్బందవుతుందిరా, మేం హోటల్లో ఉంటాంలే' అంటాం. మర్యాదగానే ఉంటుంది కానీ అస్సలు పని చేయదు. ఎందుకంటే ఆ ఇబ్బంది వాళ్లది. దాన్ని కొట్టిపారేసే హక్కూ వాళ్లదే. 'ఇబ్బందేముంది, మేం హాల్లో పడుకుంటాం' అంటారు. ఇక మన దగ్గర జవాబుండదు. పైగా 'వీళ్లిల్లు చిన్నది, వీళ్లకి స్తోమత లేదు' అని మనం అనుకుంటున్నట్టు వినపడే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి కారణం మన వైపుదే ఉండాలి, వాళ్లు సర్దలేనిదై ఉండాలి. మా కొలీగ్‌కి హోటల్ కావాలనడానికి చాలా కారణాలున్నాయి. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూమ్. పాప రాత్రి రెండుసార్లు లేచి ఏడుస్తుంది. శనివారం తెల్లవారుజామున బయల్దేరాలంటే స్నేహితుడి వాళ్లమ్మ నాలుగింటికే లేచి టిఫిన్ చేస్తారు. ఇవన్నీ నిజాలే. కానీ అన్నీ 'ఇబ్బంది' ఖాతాలోకే వెళ్తాయి. అందుకని వాటిని పక్కన పెట్టి, ఇంకో నిజాన్ని ఎంచుకున్నాడు. అరకు వెళ్లే కిరండూల్ పాసింజర్ వైజాగ్ స్టేషన్ నుంచి పొద్దున ఏడు లోపే బయల్దేరుతుంది. గాజువాక నుంచి స్టేషన్‌కి 15 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పాపను అర్ధనిద్రలో లేపి అంత దూరం తీసుకెళ్లడం కష్టం, అందుకే స్టేషన్ దగ్గర రూమ్ తీసుకున్నామని చెప్పాడు. దాన్ని హాల్లో పడుకుని ఎవరూ సర్దలేరు.

ఒక్క కారణమే చెప్పాడన్నది గమనించండి. మూడు చెబితే అవతలివాళ్లు మూడింటికీ సమాధానం వెతుకుతారు. ఒకటి వీగిపోతే మిగతావి కూడా సాకుల్లా కనిపిస్తాయి. ఆఫీసువాళ్లే రూమ్ బుక్ చేశారని, ఇంకెవరో చుట్టాలు రమ్మన్నారని అబద్ధం ఆడటం మరీ ప్రమాదం. మూడు రోజులు కలిసి తిరుగుతాం, భార్యో పిల్లలో మాటల్లో నిజం చెప్పేస్తారు.

ముందు రూమ్, తర్వాత ఫోన్

'వైజాగ్ వద్దామనుకుంటున్నాం, ఎక్కడ దిగాలో చూడాలి' అని ఫోన్ చేస్తే, పిలవమని మనమే అడిగినట్టు. పిలిచాక వద్దంటే తిరస్కారం అవుతుంది. అదే అన్నీ కలిపి ఒకేసారి చెబితే అది సమాచారం అవుతుంది. మా కొలీగ్ రైలు టికెట్లు, రూమ్ ఖాయమయ్యాకే ఫోన్ చేశాడు. 'శుక్రవారం పొద్దున దిగుతున్నాం. స్టేషన్ దగ్గర రూమ్ తీసుకున్నాం. టిఫిన్ మాత్రం మీ ఇంట్లోనే' అన్నాడు. మూడు వాక్యాలు. చివరిది మాత్రం వాళ్లింటి మీదే ఉంది.

'డబ్బులు కట్టేశాంరా' అన్న మాటను అతను వాడలేదు. చాలా బుకింగ్‌లు ఒకట్రెండు రోజుల ముందు వరకు ఉచితంగా క్యాన్సిల్ చేసుకోవచ్చని అందరికీ తెలుసు. 'క్యాన్సిల్ చేసేయ్' అంటే మళ్లీ మొదటికొస్తాం.

అసలు పిలిచేది ఎవరు?

ఫ్రెండ్‌తో మాట అయిపోతే పనైపోయిందనుకుంటాం. కాదు. మన ఇళ్లల్లో అతిథి విషయం చూసేది అమ్మ, లేదా ఆ ఇంటి ఇల్లాలు. కొడుకు నోటి వెంట 'వాళ్లు హోటల్లో దిగుతారట' అని వింటే ఆవిడకి వినపడేది వేరు. అందుకే అతను అదే సాయంత్రం ఆవిడకి విడిగా ఫోన్ చేశాడు. అనుకున్నట్టే ఆవిడ అందుకున్నారు.

"ఏటి బాబూ, మా ఇల్లు పెట్టుకుని హోటల్లో దిగడమేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఆంటీ, పడుకోడానికే రూమ్. శుక్రవారం పొద్దున స్టేషన్‌లో దిగి నేరుగా మీ దగ్గరికే వస్తున్నాం. మీరు చేసే దిబ్బరొట్టె గురించి మా ఆవిడకి ఎప్పట్నుంచో చెబుతున్నా. ఆదివారం భోజనం కూడా మీ ఇంట్లోనే. శనివారం అరకు రైలు ఉంది కదా, పాపతో అక్కడినుంచి రాలేం, అంతే."

కాసేపు అలిగినట్టు మాట్లాడి, "పాపకి కారం లేకుండా ఏటి చెయ్యమంటావు?" అని అడిగారట. ఆ ప్రశ్న వచ్చిందంటే గండం గడిచినట్టే. 'ఎప్పుడో ఒకసారి వస్తాంలెండి' అంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు. రోజు, పూట, ఫలానా వంట అని చెప్పడం వల్ల ఆవిడ మనసు మన రూమ్ మీంచి తన వంటింటి మీదకి వెళ్లింది.

ఆరు గంటల ఖాళీ

హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కితే వైజాగ్‌లో తెల్లవారుజామున దిగుతాం. చాలా హోటళ్లలో చెకిన్ మధ్యాహ్నం 12కి. మధ్యలో ఆరు గంటలు. మామూలుగా ఇది తలనొప్పి. ఇక్కడ మాత్రం కలిసొచ్చింది. స్నానం, టిఫిన్, కబుర్లు అన్నీ ఫ్రెండ్ ఇంట్లోనే. పదకొండు దాటాక 'రూమ్ టైమైంది' అని లేవడానికి కారణం కూడా దానంతటదే వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రూమ్ ఖాళీ చేశాక, సాయంత్రం రైలు వరకు ఉన్న సమయమూ ఇలాగే వాళ్ల భోజనానికి సరిపోయింది.

కానీ ఒక్క జాగ్రత్త. పెద్ద బ్యాగులు ఆ ఇంటి గుమ్మం దాటకూడదు. దాటాయా, ఇక బయటికి రావు. 'సామాను వచ్చేసింది కదా, ఇంకెందుకు వెళ్లడం' అని లోపలి గదిలో పెట్టేస్తారు. అప్పుడు వాదించడం ఫోన్లో చెప్పడం కంటే వంద రెట్లు కష్టం. మా కొలీగ్ ముందే హోటల్‌కి ఫోన్ చేసి, చెకిన్‌కి ముందు బ్యాగులు రిసెప్షన్‌లో పెట్టుకుంటారా అని కనుక్కున్నాడు. చాలా హోటళ్లు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే స్టేషన్ క్లోక్‌రూమ్ ఉంది. బ్యాగులకు తాళం, చేతిలో రైలు టికెట్ ఉండాలి. ఒక జత బట్టలు, తువ్వాలు, పాప సామాను ఉన్న చిన్న బ్యాగుతోనే గాజువాక వెళ్లారు.

వాళ్లకూ ఒక పని చెప్పండి

వద్దన్నందుకు నొప్పి ఎక్కడంటే, మనకేదో చేద్దామనుకున్నవాళ్ల చేతులు ఖాళీగా ఉండిపోతాయి. దానికి మందు, మనమే ఏదో ఒకటి అడగడం. ఇతను రెండు అడిగాడు. మాడుగుల హల్వా మంచిది ఎక్కడ దొరుకుతుందో కొనిపెట్టమని స్నేహితుడిని అడిగాడు. ఆదివారం రైల్లోకి పులిహోర కట్టివ్వమని ఆంటీని అడిగాడు. పులిహోరతో పాటు అప్పడాలు, వడియాలు, పాపకి పెరుగన్నం కూడా వచ్చాయనుకోండి! హైదరాబాద్ నుంచి తీసుకెళ్లిన బిస్కెట్ల పెట్టె మొదటి రోజే ఇచ్చేశాడు. చివరి రోజు ఇస్తే లెక్క తీర్చుకున్నట్టు ఉంటుంది.

అతను చేయని పనులు కూడా ముఖ్యమే. శుక్రవారం వాళ్లింటికి వెళ్లేవరకు స్టేటస్‌లో ఒక్క ఫొటో పెట్టలేదు. హోటల్ గది ఫొటో అసలే పెట్టలేదు. రూమ్ ఎలా ఉందని అడిగితే 'పర్లేదు, పడుకోడానికే కదా' అన్నాడు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోందని వర్ణించలేదు.

నొచ్చుకున్నారని ఎలా తెలుస్తుంది?

గట్టిగా పోట్లాడేవాళ్లు నొచ్చుకోలేదనే లెక్క, అది వాళ్ల ప్రేమ. ఒక్కసారి కూడా బతిమాలకుండా 'సరేలే, మీ ఇష్టం' అంటే జాగ్రత్తపడాలి. 'మా ఇల్లు మీకెందుకు నచ్చుతుందిలే' అన్నారంటే మన కారణం వాళ్లకి ఇంటి మీద మాటలా వినపడిందని. అలాంటప్పుడు కారణాన్ని మళ్లీ వివరించొద్దు, ఎంత వివరిస్తే అంత సాకులా ఉంటుంది. వాళ్లింటికి వెళ్లే పూటను ముందుకు జరపండి. ఆదివారం అనుకున్నది శుక్రవారమే వెళ్లండి, ఒక గంట ఎక్కువ కూర్చోండి.

ఇదంతా చేసినా, కొన్ని సందర్భాల్లో హోటల్ మాట ఎత్తకపోవడమే మంచిది. వాళ్ల గృహప్రవేశానికే వెళ్తున్నా, ఆ ఇంట్లో ఎవరైనా పోయాక మొదటిసారి వెళ్తున్నా, ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ 'ఒక్క రాత్రి ఉండు నాయనా' అన్నా, అక్కడ కావాల్సింది పక్క కాదు, మనిషి తోడు. మూడు రోజుల ట్రిప్‌లో ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి హోటల్లో అని పంచుకున్నా సరిపోతుంది. ఆ ఒక్క రాత్రీ మొదటిదైతే మేలు. చివరిది పెట్టుకుంటే 'ఇంకో రోజు ఉండండి' అని రైలు టికెట్లు కూడా మార్పించేస్తారు.